ఆఫర్ లింకు పంపే ముందు, డబ్బు కట్టే ముందు

డిసెంబరు దగ్గర పడుతుంటే మన సంఘాల వాట్సాప్ గుంపుల్లో రెండు రకాల సందేశాలు పెరుగుతాయి. ఒకటి క్రిస్మస్ కార్యక్రమాల వివరాలు. రెండోది బట్టలు, చెప్పులు, మిక్సీలు, ఫోన్లు సగానికి సగం ధరకు ఇస్తామనే లింకులు. మొదటిదాన్ని పంపేది సంఘ కార్యదర్శి. రెండోదాన్ని ఎవరైనా పంపుతారు, మంచి మనసుతోనే పంపుతారు. ఈసారి సంపాదకీయం ఆ రెండో రకం సందేశం గురించే.

బెంగళూరులో మూడు ఇళ్లలో పని చేసుకునే ఒక సహోదరి తన అనుభవాన్ని మాతో పంచుకున్నారు. పేరు రాయవద్దన్నారు, జరిగింది మాత్రం రాయమన్నారు. వారి సంఘంలో స్త్రీల సమాజం వాళ్లు క్రిస్మస్ పాటల కోసం పదకొండు మందీ ఒకే రకం చీరలు కట్టుకోవాలనుకున్నారు. అదే వారం గుంపులోకి ఒక లింకు వచ్చింది. కంచిలో నలభై ఏళ్ల నాటి పట్టు చీరల కొట్టు, యజమాని పెద్దవాడైపోయాడు, కొట్టు మూసేస్తున్నాడు, ఉన్న సరుకంతా ఇచ్చేస్తున్నాడు అని రాసి ఉంది. మగ్గం పక్కన కూర్చున్న ముసలాయన ఫోటో ఉంది. తెల్లటి పట్టు, బంగారు జరీ అంచు, 4,999 రూపాయల చీర 799కే. పది చీరలు దాటితే పంపే ఖర్చు కూడా లేదు.

ఆమె ఒక్కొక్కరి దగ్గర 800 చొప్పున 8,800 వసూలు చేశారు. నోట్‌బుక్‌లో పేర్లు రాసుకున్నారు. పదకొండు చీరలకు 8,789 కట్టి, మిగిలిన పదకొండు రూపాయలు కూడా లెక్కలో రాశారు. చీరలు రాలేదు. వారం తర్వాత ఆ సైటే తెరుచుకోలేదు. తన డబ్బే అయితే ఏడ్చి ఊరుకునేదాన్నని ఆమె అన్నారు. పది మంది డబ్బు కాబట్టి మూడు ఆదివారాలు ఆరాధనకు వెళ్లలేకపోయారు. ఎవరూ ఆమెను నిందించలేదు. అయినా జీతంలోంచి కొంచెం కొంచెంగా తిరిగి కడుతూనే ఉన్నారు.

ఆమోసు ప్రవక్త దొంగ త్రాసుల వర్తకుల్ని నిలదీసిన కాలంలో కొనేవాడు కనీసం ఆ త్రాసు ముందు నిలబడేవాడు. ఫోనులో కొనేటప్పుడు మన ముందు త్రాసూ లేదు, వర్తకుడూ లేడు. బొమ్మలూ మాటలూ మాత్రమే ఉంటాయి. అయితే ఆ బొమ్మల వెనక ఏముందో డబ్బు కట్టకముందే చాలావరకు చూడవచ్చు. ఆ సహోదరి దాచుకున్న లింకును, స్క్రీన్‌షాట్లను పట్టుకుని, ఆమె డబ్బు కట్టే ముందు ఎక్కడెక్కడ ఆగి ఉండవచ్చో మేము వెనక్కి వెళ్లి చూశాం.

ముందుగా ధర. 799కి చీర రాదని మేము అనడం లేదు. పాలిస్టరు చీర వస్తుంది, బాగానే ఉంటుంది. కానీ ఆ సైటులో రాసింది అసలు పట్టు, చేనేత అని. కంచిపట్టు చీర అర కిలో పైనే తూగుతుంది. పట్టు నూలు కిలో వేల రూపాయల్లో ఉంటుంది. దాని మీద అద్దకం, జరీ, మగ్గం మీద రోజుల తరబడి కూర్చునే మనిషి కూలి. మగ్గం పని ఎరిగిన కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి. వాళ్లలో ఒకరిని అడిగినా నూలు ఖర్చే రాని ధరకు చీర ఎవరిస్తారని అడిగేవారు. తక్కువ ధర ఒక్కటే మోసానికి రుజువు కాదు. చెప్పిన వస్తువుకూ చెప్పిన ధరకూ మధ్య పొంతన లేకపోవడమే గుర్తు. కొట్టు మూసేస్తున్నారు కాబట్టి నష్టానికి ఇస్తున్నారనే కథ ఆ పొంతన లేనితనాన్ని కప్పడానికే ఉంది. కథ మన కళ్లలో నీళ్లు తెప్పిస్తుంటే లెక్క అడగడం మనకే మొరటుగా అనిపిస్తుంది.

అదే పేజీలో ఒక గడియారం వెనక్కి తిరుగుతూ ఉంది. ఇంకా పద్నాలుగు నిమిషాలే అని. ఆ సహోదరి ఆ గడియారం చూసే కంగారు పడ్డారు. ఇలాంటిది కనబడితే చేయాల్సింది ఒకటే, పేజీని మూసి మళ్లీ తెరవాలి. చాలాసార్లు గడియారం మళ్లీ మొదటి నుంచి తిరగడం మొదలుపెడుతుంది. నిజంగా గడువు ఉన్న అమ్మకం అయితే అలా జరగదు.

తర్వాత సైటు చిరునామా. ఇది కొంచెం నిదానంగా చదవాల్సిన విషయం, ఎందుకంటే ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. చిరునామాలో తెలిసిన కొట్టు పేరు ఎక్కడో ఒకచోట కనబడితే చాలు, అది ఆ కొట్టుదే అనుకుంటాం. పెద్దకొట్టు అని ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. దాని అసలు చిరునామా `peddakottu.com` అనుకుందాం. మోసగాడు పంపే లింకు ఇలా ఉండవచ్చు:

```
https://peddakottu.com.xmas-sale.shop/saree
```

దీన్ని ఎడమ నుంచి చదివితే పెద్దకొట్టు సైటులాగే ఉంది. కానీ సైటు ఎవరిదో తెలియాలంటే మొదట వచ్చే రెండు గీతల్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర ఆగాలి. అక్కడి నుంచి ఎడమకు నడవాలి. గీతకు ఆనుకుని ఉన్న చివరి రెండు ముక్కలు, అంటే ఇక్కడ `xmas-sale.shop`, అదే అసలు యజమాని పేరు. దానికి ముందున్నదంతా ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు తగిలించుకున్న బోర్డు. చివర `co.in` ఉంటే మాత్రం మూడు ముక్కలు చూడాలి. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంది కదా అని కొందరు అంటారు. ఆ తాళం చెప్పేది మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే. అవతల ఉన్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు. ఆ తాళం ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది.

చిరునామా తెలిశాక దాని వయసు చూడవచ్చు. `lookup.icann.org` అనే చోట ఆ చివరి రెండు ముక్కల్ని టైపు చేస్తే వివరాలు వస్తాయి. అందులో `Created` అని ఉన్న తేదీ ఆ పేరును మొదటిసారి నమోదు చేసిన రోజు. డబ్బు ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. నలభై ఏళ్ల కంచి కొట్టు అని చెప్పుకున్న ఆ సైటు పేరు, మన సహోదరి డబ్బు కట్టడానికి ఇరవై మూడు రోజుల ముందు నమోదైంది. పాత కొట్టు కొత్తగా సైటు పెట్టుకోకూడదా అంటే పెట్టుకోవచ్చు. కానీ మూసేస్తున్న కొట్టు ముందు నెలలో సైటు పెట్టడం, నెల వయసులోనే వేల మంది కొన్నారని, అందరూ అయిదు నక్షత్రాలు ఇచ్చారని రాసుకోవడం, ఈ మూడూ కలిస్తే అనుమానం తీర్చాల్సిన బాధ్యత అమ్మేవాడిది.

ఆ లింకు గుంపులోకి రాకముందు ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఉండేది. ఆ పేజీని లక్ష మందికి పైగా అనుసరిస్తున్నట్టు కనబడటం ఆమెకు ధైర్యం ఇచ్చింది. అనుచరుల సంఖ్యను కొనుక్కోవచ్చు. మొత్తం పాత ఖాతానే కొనుక్కుని పేరు మార్చేసుకోవచ్చు కూడా. అందుకే సంఖ్యను కాదు, చరిత్రను చూడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి పైన కుడివైపు మూడు చుక్కల్ని నొక్కితే `About this account` అని వస్తుంది. ఖాతా ఎప్పుడు మొదలైందో, చాలా ఖాతాలకు ఇంతకుముందు ఎన్నిసార్లు పేరు మారిందో అక్కడ ఉంటుంది. ఫేస్‌బుక్ పేజీలో `Page transparency` అనే చోట పాత పేర్లు, పేజీ నడిపేవారు ఏ దేశంలో ఉన్నారో కూడా కనబడుతుంది. క్రికెట్ వీడియోల పేజీ కాస్తా గత నెలలో పట్టు చీరల పేజీ అయిందంటే ఆ లక్ష మంది చీరల కోసం వచ్చినవాళ్లు కారు.

అక్కడే ఇంకో చిన్న పరీక్ష. చీర ఫోటోను స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకాలి. అదే చీర, అదే అమ్మాయి, అదే గోడ వేరే నాలుగు కొట్ల సైట్లలో కనబడితే ఫోటో ఎత్తుకొచ్చిందని అర్థం. ముసలాయన ఫోటోను కూడా అలాగే వెతకవచ్చు. పేజీలో కామెంట్లు రాసే వీలు మూసేసి ఉంటే దాన్నీ గమనించాలి. మోసపోయినవాళ్లు ముందుగా వచ్చి రాసేది అక్కడే కదా.

ఇప్పుడు చట్టం మాట. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో స్పష్టంగా పెట్టాలి. ఆ అధికారి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కంచి సైటులో ఉన్నది ఒక జీమెయిల్, ఒక వాట్సాప్ నంబరు. అంతే.

అడుగున ఒక జీఎస్టీ నంబరు మాత్రం ఉంది. అది చూసి చదువుకున్నవాళ్లు కూడా సంతృప్తి పడతారు. కానీ ఆ నంబరు మనకు చాలా చెబుతుంది, దాన్ని చదవడం తెలిస్తే. పదిహేను అక్షరాల్లో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తమిళనాడుకు 33, కర్ణాటకకు 29, మహారాష్ట్రకు 27, ఒడిశాకు 21, యానాం ఉన్న పుదుచ్చేరికి 34. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. కంచి కొట్టని చెప్పుకున్నవాడి నంబరు 07తో మొదలైంది. అది ఢిల్లీ. అంకెలు కలిసినా అక్కడితో ఆగకూడదు, ఎవరి నంబరునో ఎత్తి రాసి ఉండవచ్చు. `services.gst.gov.in` లో లాగిన్ లేకుండానే ఆ నంబరు వేసి వెతికితే ఎవరి పేరున ఉంది, ఏ చిరునామా, ఇంకా అమల్లో ఉందా రద్దయిందా అన్నది వస్తుంది. మేము వెతికితే చీరలతో సంబంధం లేని ఒక వ్యాపారం వచ్చింది. పాపం ఆ వ్యాపారికి తన నంబరు ఎక్కడ వాడుతున్నారో తెలిసి కూడా ఉండదు.

ఇన్ని చూడటానికి తీరిక లేనివారు కనీసం చివరి గడప దగ్గర ఆగాలి. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు పిన్ కొట్టకముందు, డబ్బు ఎవరి ఖాతాలో పడబోతోందో ఆ పేరు తెర మీద కనబడుతుంది. కొట్టు పేరున కాకుండా ఎవరో ఒక వ్యక్తి పేరున, అదీ సైటులో ఎక్కడా లేని పేరున ఉంటే వెనక్కి రావాలి. మన సహోదరికీ ఒక కొత్త మగవాడి పేరు కనబడింది. కొట్టు గుమస్తా పేరేమో అనుకున్నానని ఆమె చెప్పారు. అది తెలివితక్కువతనం కాదు. బజారులో కొట్టుకు వెళ్తే గుమస్తాకే కదా డబ్బు ఇస్తాం.

ఈ గడపే ఎందుకు చివరిదంటే, మన ఫోనులో మనమే పిన్ కొట్టి పంపిన డబ్బును బ్యాంకు ఒక నొక్కుతో వెనక్కి తేలేదు. ఎవరో దొంగతనంగా మన ఖాతాలోంచి తీసుకుంటే బ్యాంకు బాధ్యత గురించి రిజర్వు బ్యాంకు నియమాలు బలంగానే ఉన్నాయి. మనమే ఇష్టపడి పంపినదానికి ఆ రక్షణ అంత సులువుగా వర్తించదు. మోసగాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే వస్తువు అందాక డబ్బు ఇస్తామంటే ఈ పిన్‌కోడుకు ఆ సౌకర్యం లేదంటారు, ముందే కడితే ఇంకో పది శాతం తగ్గిస్తామంటారు.

అయితే వస్తువు అందాక డబ్బు కట్టడం కూడా పూర్తి రక్షణ కాదు. ప్యాకెట్ తెచ్చిన అబ్బాయి డబ్బు తీసుకున్నాకే విప్పనిస్తాడు చాలాచోట్ల. లోపల పాత గుడ్డ పీలిక ఉన్నా అతను చేయగలిగింది ఏమీ లేదు, అతన్ని తిట్టడం అన్యాయం కూడా. అతనూ రోజు కూలివాడే. తెలియని కొట్టు నుంచి తొలిసారి తెప్పించుకుంటే ఒక్క చీరే తెప్పించుకోవాలి. విప్పేటప్పుడు ప్యాకెట్ మీది చీటీ కనబడేలా వీడియో తీసుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మేము తప్పు చేసినవాళ్లం అవుతాం. పైన చెప్పిన పరీక్షలన్నీ పెద్ద కొట్లకు సరిపోతాయి. మన సంఘాల్లోనే ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని, పచ్చళ్లు పెట్టి, చేతి పని చేసి వాట్సాప్‌లో అమ్ముకునే సహోదరీలు ఉన్నారు. వాళ్లకు సైటు లేదు. అమ్మకం తక్కువ కాబట్టి జీఎస్టీ నంబరు కూడా ఉండకపోవచ్చు. డబ్బు వాళ్ల సొంత పేరునే తీసుకుంటారు. మోసాల భయంతో మనం పెద్ద కంపెనీల దగ్గరే కొంటామంటే, మొదట అన్నం పోయేది వీళ్లకే. వీళ్లను తెలుసుకునే పద్ధతి వేరు. వీడియో కాల్‌లో వస్తువు చూపించమని అడగాలి. చీర కొంగు మీద ఫలానా కాగితం పెట్టి ఇప్పుడే ఫోటో తీసి పంపమని అడగాలి. ఎత్తుకొచ్చిన ఫోటోలతో అమ్మేవాడి దగ్గర చీరే లేదు, ఈ పని అతని వల్ల కాదు. నిజంగా అమ్మేవారికి ఇది నిమిషం పని. వాళ్ల ఊళ్లో మనకు తెలిసినవాళ్లు ఉన్నారా అని అడగడంలో కూడా తప్పు లేదు. బరంపురం నుంచి షోలాపూరు దాకా మనవాళ్లు లేని ఊరేది?

ఇప్పటికే కట్టేసినవారికి. ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి, లేదా `cybercrime.gov.in` లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఇంకా మొదటి ఖాతాలోనో రెండో ఖాతాలోనో ఉండగానే సమాచారం అందితే దాన్ని అక్కడే ఆపే వీలుంది. గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది. యూపీఐ లావాదేవీ నంబరు, ఎవరి ఖాతాకు వెళ్లిందో ఆ పేరు, లింకు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోవాలి. మన బ్యాంకుకూ చెప్పాలి. కొట్టు నిజమైనదే, కానీ నాసిరకం పంపి తిరిగి తీసుకోవడం లేదంటే అది వేరే సంగతి. దానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మన సహోదరి పన్నెండు రోజుల దాకా ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఆ మధ్యలో ఇంకో ఫోను వచ్చింది. మేడమ్, మీ డబ్బు తిరిగి పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని, మంచి తెలుగులో. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే పిన్ కావాలి. ఆమెకు అది తెలియదు. కానీ అప్పటికి ఖాతాలో ఏమీ మిగల్లేదు కాబట్టి స్కాన్ చేయలేదట. నవ్వుతూనే చెప్పారు.

ఆ లింకును గుంపులో పెట్టింది సంఘ పెద్ద గారి అబ్బాయి. అతను తాను కొనలేదు, ఎక్కడో చూసి పంపాడు. పెద్దగారింటి నుంచి వచ్చింది కదా అని పదకొండు మందీ నమ్మారు. కాబట్టి అన్ని సంఘాల గుంపుల నిర్వాహకులను మేము ఒక్కటి అడుగుతున్నాం. ఆఫర్ లింకు పంపేవారు, తాము డబ్బు కట్టామని, వస్తువు తమ ఇంటికి చేరిందని రాయగలిగితేనే పంపాలి. అలా రాయలేని లింకును నిర్వాహకులు తీసేయాలి, ఎవరు పంపినా సరే. ఆ సంఘంలో ఇప్పుడు ఆ నియమం పెట్టుకున్నారు. లింకు పంపిన ఆ అబ్బాయే ఆదివారం ఆరాధన అయ్యాక వెనక బెంచీలో కూర్చుని, కొనాలనుకున్నవాళ్ల ఫోన్లలో చిరునామా వయసు, పేజీ పాత పేర్లు చూసి చెబుతున్నాడట. మొదటి వారం ముగ్గురు వచ్చారు. అందులో ఇద్దరు కొనకుండా ఇంటికి వెళ్లారు.